'వర్తించదు' గడిలో ఎవరున్నారు?

2022 మార్చి 8 చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వనపర్తి సభలో నిరుద్యోగులు రేపు పొద్దున పదింటికి టీవీ చూడాలని చెప్పిన రోజు. మరునాడు అసెంబ్లీలో ఉద్యోగాల ప్రకటన వచ్చింది, పిల్లలంతా కోచింగ్ సెంటర్లకు పరుగెత్తారు. కానీ ఆ రోజు ఆయన వనపర్తికి వచ్చింది ఉద్యోగాల కోసం కాదు, 'మన ఊరు-మన బడి' మొదలుపెట్టడానికి. 26,065 సర్కారు బడులు, 7,289 కోట్ల రూపాయలు, 12 రకాల పనులు: నీళ్ళున్న మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ప్రహరీ, వంటగది, ఇట్లా.

డబ్బు ఎంత వచ్చింది, ఎంత రాలేదు అన్న లెక్క ఇవ్వాళ నా విషయం కాదు. ఆ 12 పనుల పట్టికను ఒక్కసారి చూడండి. అన్నీ వస్తువులే. గోడ ఉందా, గది ఉందా, నల్లా ఉందా. వస్తువు ఉండడం వేరు, పిల్ల భద్రంగా ఉండడం వేరు. మరుగుదొడ్డి ఉండొచ్చు, దానికి లోపల గొళ్ళెం ఉండకపోవచ్చు. గొళ్ళెం ఉండొచ్చు, తాళంచెవి టీచర్ల దగ్గర ఉండొచ్చు. తాళం తీసే ఉండొచ్చు, దాన్ని కడగడానికి మన వాడ పిల్లల్నే పిలవొచ్చు. ఈ నాలుగు బడులూ పట్టికలో ఒక్క తీరుగానే కనిపిస్తాయి: 'మరుగుదొడ్డి: ఉంది.'

ఈ తేడాను పట్టుకోవడానికే బడి భద్రత స్వీయ మూల్యాంకన పత్రాలు వచ్చాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో బడి భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్ర విద్యాశాఖ 2021లో ఎవరి బాధ్యత ఎంత అని ఇంకో పత్రం ఇచ్చింది. పద్ధతి ఒకటే. బడివాళ్ళే తమ బడిని చూసుకుని, ఒక్కో అంశానికి 'అవును', 'కాదు', 'వర్తించదు' అని టిక్కు పెట్టాలి, చివర మార్కు వెయ్యాలి. పద్ధతి మంచిదే. కానీ ఆ మూడో గడిని, ఆ మార్కును ఎట్లా కడతామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. నా మాట ఏమిటంటే, సరిగ్గా కట్టకపోతే ఆ పత్రం మన పిల్లల ప్రమాదాన్ని కనిపించకుండా చేసే యంత్రమవుతుంది.

80 మార్కుల బడి

మా కాలేజీ పిల్లలతో కలిసి వనపర్తి చుట్టుపక్కల ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు పోయాను. ఊరి పేరు, బడి పేరు రాయను. హెడ్మాస్టరు మంచి మనిషి, సొంత జీతంలోంచి సుద్దముక్కలు కొనే రకం. మేం ఇచ్చిన 40 అంశాల పత్రాన్ని ఆయన అరగంటలో నింపేశారు. 24 అవును, 8 కాదు, 8 వర్తించదు.

"మార్కు ఎంతొచ్చింది సార్?" అంటే, "వర్తించనివి మా తప్పు గాదు గదా, వాటిని గూడ కలిపితే 32. నలభైకి 32 అంటే 80 శాతం. పర్వాలేదు" అన్నారు.

ఆయన మోసం చెయ్యలేదు. మా పత్రంలోనే ఆ లెక్క ఎట్లా వెయ్యాలో రాసి లేదు. ఆ ఎనిమిది 'వర్తించదు'లను ఒక్కొక్కటిగా చూస్తే అసలు సంగతి బయటపడింది.

మూడింటి మీద పేచీ లేదు. బడికి పై అంతస్తు లేదు, కాబట్టి మెట్ల రెయిలింగ్ వర్తించదు. సైన్సు ల్యాబు లేదు, కాబట్టి రసాయనాల బీరువా వర్తించదు. వంట కట్టెల పొయ్యి మీద, కాబట్టి గ్యాసు పైపు వర్తించదు.

మిగతా ఐదు ఇవి.

ఒకటి, పిల్లల రాకపోకలు. 'మాకు బస్సు లేదు, వర్తించదు.' నిజమే, సర్కారు బడికి బస్సెక్కడిది? కానీ అటుపక్క తండా నుంచి ఇరవై మంది దాకా పిల్లలు ఒకే ఆటోలో వస్తారు, ఇద్దరు ముగ్గురు వెనక వేలాడుతూ. ఇంకొందరు పెద్ద రోడ్డు దాటి నడిచి వస్తారు. మన జిల్లాలో కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి పక్క ఊళ్ళవాళ్ళకు ఆ దాటడం ఏమిటో చెప్పక్కర్లేదు.

రెండు, ర్యాంపు. 'నడవలేని పిల్లలు మా బడిలో లేరు, వర్తించదు.'

మూడు, ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గొళ్ళెం. 'అది వాడట్లేదు, తాళమేసినం, వర్తించదు.'

నాలుగు, వరద. 'మాకు నది లేదు, వర్తించదు.' బడి చెరువుకట్ట కింద ఉంది. వనపర్తి జిల్లాలోనే సరళాసాగర్ కట్ట 2019 డిసెంబరు 31 పొద్దున తెగింది. అది వానాకాలం కూడా కాదు.

ఐదు, మరుగుదొడ్లు కడిగే పని. 'సఫాయి మనిషి పోస్టే లేదు, వర్తించదు.' మరి టీచర్ల మరుగుదొడ్డి అంత శుభ్రంగా ఎట్లా ఉంది? ఏడో తరగతి అమ్మాయిని ఆడ విద్యార్థులు వేరుగా కూర్చోబెట్టుకుని అడిగితే నెమ్మదిగా చెప్పింది: "శనివారం మా వాడోళ్ళనే పిలుస్తరక్కా. మేం ఒంటికి పోవాల్నంటే మాత్రం ఇంటికే పోవాలె."

ఒక్కసారి ఆగి ఈ ఐదింటిలో ఎవరున్నారో చూడండి. తండా పిల్లలు, వికలాంగ పిల్లలు, ఆడపిల్లలు, చెరువు కింది వాడ, దళిత పిల్లలు. 'వర్తించదు' అన్న గడిలో ఉన్నది వస్తువులు కాదు, మనుషులు.

ముప్పు లేకుంటేనే వర్తించదు

దీనికి నియమం ఒక్క వాక్యంలో రాయొచ్చు. ముప్పు లేనప్పుడే 'వర్తించదు', రక్షణ లేనప్పుడు 'కాదు'.

పై అంతస్తు లేకపోతే పడిపోయే ముప్పే లేదు, కాబట్టి వర్తించదు. గొళ్ళెమున్న మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లకు ముప్పు పోలేదు, పెరిగింది. కాబట్టి అక్కడ జవాబు 'కాదు'. ర్యాంపు సంగతి ఇంకా తేట. బడికి అడ్డంకుల్లేని దారి ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. అట్లాంటి పిల్లలు చేరాకే కట్టాలని అందులో లేదు. ర్యాంపు లేదు కనుక ఆ పిల్ల బడిలో చేరలేదు, ఆ పిల్ల బడిలో లేదు కనుక ర్యాంపు వర్తించదు. అంటరానితనం కూడా ఇట్లాగే మాట్లాడేది. 'మీరు గుళ్ళోకి రారు గదా, మీకు దారి ఎందుకు?'

నియమం రాస్తే చాలదు, పత్రంలోనే దాన్ని బిగించాలి. నలభై అంశాల్లో 'వర్తించదు' గడి అసలు ఎన్నింటికి అవసరం? మేం మళ్ళీ కూర్చుని చూస్తే పది, పన్నెండింటికే. మిగతా వాటికి ఆ గడిని నల్లగా కొట్టేశాం. తాగునీరు వర్తించని బడి ఉండదు. పిల్లల మీద చెయ్యెత్తకపోవడం వర్తించని బడి ఉండదు. గడి ఉంచిన చోట పక్కనే షరతు అచ్చువేశాం: 'పై అంతస్తు లేకపోతే మాత్రమే'. షరతు లేని 'వర్తించదు'ను, ఖాళీగా వదిలిన గడిని 'కాదు'గానే లెక్కపెడతాం.

కొన్నిచోట్ల తప్పు జవాబుది కాదు, ప్రశ్నది. 'బస్సు డ్రైవరుకు లైసెన్సు ఉందా?' అని అడిగితే సర్కారు బడి తప్పించుకుంటుంది. ఆ ప్రశ్న ప్రైవేటు బడిని చూసి రాసింది. 'ప్రతి పిల్ల బడికి ఎట్లా వస్తుందో రిజిస్టరులో రాసి ఉంది', 'పెద్ద రోడ్డు దాటే పిల్లలతో ఒక పెద్ద మనిషి ఉంటారు' అని రాస్తే ఎవరూ తప్పించుకోలేరు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో బడి బస్సును రైలు ఢీకొట్టింది కాపలా లేని గేటు దగ్గర. బస్సు కాగితాలు మాత్రమే చూసే పత్రానికి దారిలోని ఆ గేటు ఎప్పటికీ కనిపించదు.

తెలుగులో 'లేదు' అంటే ఏమిటి?

ఇది నా సబ్జెక్టు కాబట్టి చెప్తాను. చాలా పత్రాలు ఇంగ్లీషు నుంచి దించినవి. 'గదుల్లో వేలాడే కరెంటు తీగలు లేవా?' అని ఉంటుంది. దీనికి 'అవును' అంటే లేవనా, ఉన్నాయనా? 'లేవు' అంటే 'కాదు' గడిలో టిక్కు పెట్టాలా? ఇద్దరు టీచర్లతో నింపిస్తే ఒకే గదికి రెండు జవాబులొచ్చాయి. ఇద్దరూ నిజమే చెప్పారు.

కాబట్టి ప్రతి అంశాన్నీ 'అవును' అంటే భద్రం అనేట్టు నిశ్చయవాక్యంగా రాయాలి. 'ప్రతి స్విచ్ బోర్డుకూ మూత ఉంది.' 'మరుగుదొడ్లు కడిగేది కూలి తీసుకునే పెద్దవాళ్ళే.' ఈ రెండో వాక్యాన్ని చూడండి. 'పిల్లలతో కడిగిస్తున్నారా?' అని అడిగితే ఏ హెడ్మాస్టరైనా ఉలిక్కిపడి కాదంటాడు. కడిగేదెవరో, కూలి ఎవరిస్తున్నారో రాయమంటే జవాబు దానంతటదే బయటికొస్తుంది.

ఒక అంశంలో ఒకటే ఉండాలి. 'నీళ్ళు, మరుగుదొడ్లు తగినన్ని, శుభ్రంగా ఉన్నాయి' అన్న వాక్యంలో నాలుగు ప్రశ్నలున్నాయి. 'తగినన్ని' అన్న మాట కొలత కాదు, సర్దుబాటు. అట్లాగే 'మంటలార్పే సిలిండరు ఉంది' అనొద్దు. 'సిలిండరు మీటరు ముల్లు పచ్చగీతలో ఉంది' అని ఒకటి, 'ఇద్దరు పెద్దవాళ్ళు దాన్ని ఎట్లా వాడాలో చేసి చూపించారు' అని ఇంకొకటి రాయాలి.

'కొంతవరకు' అన్న నాలుగో గడి పెట్టమని చాలామంది అడుగుతారు. పెట్టకండి. పెడితే కష్టమైన జవాబులన్నీ అందులోకే జారుతాయి. నాలుగు గదుల్లో మూడింటికి స్విచ్ మూతలుంటే జవాబు 'కాదు'. ఏ గదిలో లేదో పక్కన రాయాలి. రేపు ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ గది నెంబరే.

ఒకే బడి, నాలుగు మార్కులు

ఇప్పుడు లెక్కకొద్దాం. అదే బడి, 24 అవును, 8 కాదు, 8 వర్తించదు.

'వర్తించదు'ను 'అవును'తో కలిపితే నలభైకి 32, అంటే 80 శాతం. ఇది లేని మెట్లకు కూడా మార్కులిచ్చే లెక్క. బడిలో ఏమీ లేకపోయిన కొద్దీ మార్కు పెరుగుతుంది.

'వర్తించదు'ను 'కాదు'తో కలిపితే నలభైకి 24, అంటే 60 శాతం. ఇది ల్యాబు లేని చిన్న బడిని ల్యాబు లేనందుకు శిక్షించే లెక్క.

సరైన పద్ధతి వర్తించనివాటిని పైనుంచీ కిందనుంచీ తీసెయ్యడం. అవును సంఖ్యను వర్తించే అంశాల సంఖ్యతో భాగించాలి. 32కు 24, అంటే 75 శాతం. కానీ ఇది కూడా 'వర్తించదు'లు నిజమైనప్పుడే నిజం. మన ఐదు దొంగ 'వర్తించదు'లను 'కాదు'లోకి మారిస్తే కాదులు 13, నిజంగా వర్తించనివి మూడే. 37కు 24, దాదాపు 65 శాతం.

ఒకే బడి, ఒకే రోజు, నాలుగు మార్కులు: 80, 60, 75, 65. గోడలు మారలేదు, పిల్లలు మారలేదు, మూడో గడి మీది నియమం మారిందంతే. ఎవరైనా 'మా జిల్లా బడుల భద్రత ఇంత శాతం' అని చెప్తే మొదట అడగాల్సింది 'వర్తించదు'ను ఎక్కడ కలిపారని.

ఆ 65 కూడా సగటే. సగటు మన శత్రువు అని లెక్కలు రాకపోయినా మనకు తెలుసు. ఊరి సగటు ఆదాయంలో దొర ఉంటాడు, మన అమ్మ ఉంటుంది. ఈ బడి వంటగది విభాగంలో వర్తించే ఏడు అంశాల్లో ఆరు 'అవును', 86 శాతం. మరుగుదొడ్ల విభాగంలో ఎనిమిదింటిలో రెండే 'అవును', 25 శాతం. అందుకే విభాగాల వారీగా మార్కు రాయాలి. బయటికి ఒక్కటే చెప్పాల్సొస్తే అన్నిటికంటే తక్కువ వచ్చిన విభాగం పేరు చెప్పాలి.

కొట్టెయ్యలేనివి

కొందరు బరువులు పెట్టమంటారు. పెద్ద అంశానికి మూడు మార్కులు, చిన్నదానికి ఒకటి. వినడానికి బాగుంటుంది. కానీ దాని అర్థం మూడు చిన్న మంచిపనులు చేస్తే ఒక పెద్ద ప్రమాదం కొట్టేసుకుపోతుందని. మూడు పోస్టర్లు అతికిస్తే ఒక తెగిన కరెంటు తీగ చెల్లు. అట్లా చెల్లదు.

2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో మధ్యాహ్న భోజనం వంటపాక నుంచి లేచిన మంట తరగతుల పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ ఘటన మీద వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2009లో దేశంలో ప్రతి బడికీ అగ్నిభద్రత ఉండాలంది. 2013 జులై 16న, అదే తారీఖున, బీహార్ సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. ఆ మందు పేరు పత్తి పండించే మన గద్వాల, నాగర్‌కర్నూల్ రైతు బిడ్డలకు చెప్పాల్సిన పని లేదు. ఆ రెండు బడులకూ నల్లబల్ల, రిజిస్టరు, గంట అన్నీ ఉండి ఉండొచ్చు. అవి ఎవర్ని కాపాడాయి?

కాబట్టి నలభైలో ఆరేడు అంశాలను వేరే తీసి ఎర్రగీత గియ్యాలి. వాటిలో ఒక్కటి 'కాదు' అయినా శాతం ఎంతున్నా బడి ఎరుపే. మా పత్రంలో ఉన్నవి ఇవి:

1. పిల్లల చెయ్యి అందేచోట ఉన్న ప్రతి కరెంటు తీగకూ తొడుగు ఉంది.
2. పెచ్చులూడే, పగుళ్ళున్న గదులన్నీ తాళంలో ఉన్నాయి, వాటి వరండాలో కూడా పిల్లలు కూర్చోరు.
3. బావికీ సంపుకూ పిల్లలు ఎత్తలేని మూత ఉంది.
4. పొయ్యి తరగతి గదికి దూరంగా ఉంది. నూనె, పప్పు డబ్బాలన్నీ తిండి కోసం కొన్నవే. ఈ రోజు వడ్డించకముందు తిని చూసిన పెద్ద మనిషి సంతకం ఉంది.
5. ఆడపిల్లల మరుగుదొడ్డి బడి వేళల్లో తెరిచి ఉంది, లోపల గొళ్ళెం పడుతుంది.
6. మరుగుదొడ్లు కడిగేది కూలి తీసుకునే పెద్దవాళ్ళే.
7. 1098 నెంబరు పిల్లలకు కనిపించేచోట రాసి ఉంది.

నాలుగో దాంట్లో మూడు అంశాలు కలిసిపోయాయని పైన నేను చెప్పిన నియమం ప్రకారమే మీరు పట్టుకోవాలి. ఇక్కడ చోటు కోసం కలిపాను, పత్రంలో అవి మూడు వరుసలు.

ఆరోది భద్రత కిందికి ఎట్లా వస్తుందని ఒక మిత్రుడు అడిగాడు. అది వివక్ష, వేరే విభాగం అన్నాడు. పదేళ్ళ పిల్ల చేతికి యాసిడ్ బాటిలిచ్చి గాలాడని గదిలోకి పంపడం భద్రత కాకపోతే ఇంకేది? మనకు జరిగేదాన్ని 'సామాజిక సమస్య' అనే అరలో పెట్టడం కూడా ఒక రకం 'వర్తించదు'.

ఇప్పుడు మన బడికి వద్దాం. 65 శాతం, ఐదో అంశం 'కాదు', ఆరో అంశం 'కాదు'. రంగు ఎరుపు. పొద్దున ఆ బడి 80 మార్కులతో పాసైంది.

ఎవరు నింపాలి, మార్కుతో ఏం చెయ్యాలి?

హెడ్మాస్టరు ఒక్కడే నింపితే ఆయనకు కనిపించేదే పత్రంలో ఉంటుంది. ఆయన ఆ మరుగుదొడ్డికి పోడు. మూడు రకాలుగా చూడాలని మేం అనుకున్నాం. కొన్ని కంటితో చూసేవి, కొన్ని చేసి చూసేవి, అంటే గొళ్ళెం వేసి, నల్లా తిప్పి చూసేవి. మరికొన్ని పిల్లల్ని అడిగేవి. అడిగేటప్పుడు ఆడపిల్లల్ని ఆడవాళ్ళే, టీచర్లు లేనిచోట, పేర్లు రాసుకోకుండా అడగాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో వాడ నుంచి ఒక్క తల్లి అయినా సంతకం పెట్టాలి. ఆ తర్వాత పక్క ఊరి బడివాళ్ళు వచ్చి నలభైలో ఏవో ఐదు చీటీ తీసి మళ్ళీ చూడాలి. రెండు తేడా వస్తే పత్రం మొత్తం మళ్ళీ నింపాలి.

హెడ్మాస్టరు గారు చివర్లో ఒక మాటన్నారు. "ఎరుపని రాసి పైకి పంపితే నాకు మెమో వస్తది. పచ్చ అని రాస్తే ఏం రాదు. మీరైతే ఏం రాస్తరు సార్?"

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. తక్కువ మార్కుకు శిక్ష ఉన్నంతకాలం ఏ పత్రమూ నిజం చెప్పదు, ఎంత బాగా రాసినా. పోయిన ఏడాదుల ర్యాంకుల, నక్షత్రాల పోటీలన్నిటికీ ఉన్న జబ్బు అదే. ఎరుపుకు డబ్బు రావాలి. ఎరుపు వచ్చిన అంశానికి ఎవరు, ఏ తారీఖులోపు, ఎంత ఖర్చుతో చేస్తారో పత్రంలోనే గడి ఉండాలి. ఆ తారీఖు దాటితే మెమో ఇవ్వాల్సింది బడికి కాదు, డబ్బు విడుదల చెయ్యని ఆఫీసుకు. నిజాన్ని దాచిన బడికి మాత్రం మెమో ఇవ్వొచ్చు. ఇంకో సంగతి, వర్తించే అంశాల సంఖ్య ఒక్కో బడికి ఒక్కో తీరుగా ఉంటుంది. కాబట్టి ఈ శాతంతో బడినీ బడినీ పోల్చకూడదు. జూన్‌లో ఉన్న అదే బడిని జనవరిలో ఉన్న అదే బడితో పోల్చాలి.

2024 నవంబరులో మన పక్క నారాయణపేట జిల్లా మాగనూరు హైస్కూల్లో భోజనం తిని పిల్లలు మళ్ళీమళ్ళీ ఆస్పత్రి పాలయ్యారు. హైకోర్టు కోప్పడ్డాక అధికారులు పరుగెత్తారు. ప్రతి బడికీ హైకోర్టు రాదు.

ఆ బడిలో గొళ్ళెం పెట్టించడానికి పట్టిన ఖర్చు వంద రూపాయల లోపే. తాళం తీయడానికి ఖర్చే లేదు. శనివారం పిలుపు ఆపడానికి మాత్రం మేం రెండుసార్లు పోవాల్సొచ్చింది, వాడ తల్లులు నలుగురు బడికి వచ్చి కూర్చోవాల్సొచ్చింది. పంచాయతీ నుంచి ఒక మనిషిని పంపుతామని ఒప్పుకున్నారు. జనవరిలో మళ్ళీ అదే పత్రం పట్టుకుని పోతాం. ఆరో గడిలో ఏ టిక్కు పడుతుందో హెడ్మాస్టరును అడగం. ఆ ఏడో తరగతి పిల్లను అడుగుతాం.

జై భీం.